మోటారు వైండింగ్ షాపులో శిక్షణ ఉద్యోగానికి లేఖ ఎలా రాయాలి

వ్యవసాయ మోటార్లు, ఫ్యాన్లు వైండింగ్ చేసే చిన్న షాపు నడుపుతూ, పని నేర్చుకునే వయసులో ఉన్న ఒకరిని చేర్చుకోదలచిన యజమానుల కోసం ఇది రాస్తున్నాను. అనంతపురం ప్రాంతంలోని ఒక మండల కేంద్రంలో నాకు అలాంటి షాపు ఉంది. నాతో పాటు ఒక పెద్ద వైండరు, ఒక సహాయకుడు పనిచేస్తారు. చాలా ఏళ్ళ క్రితం, ఐటీఐ చదివిన ఒక అబ్బాయిని, "రా, పని నేర్పిస్తాను, జీతం సంగతి చూద్దాం" అన్న మాట మీదనే చేర్చుకున్నాను. ఆరు నెలలు గడిచినా అతడి చేత మోటార్లు మోయించడం, కాలిన తీగ కోయించడం, టీ తెప్పించడం తప్ప నేను నేర్పించింది ఏమీ లేదు. మార్చి నెలలో, బోరు మోటార్లు కాలిపోయి వరుసగా షాపుకు వస్తున్న వారంలో, అతడు మానేశాడు. నాకు కోపం వచ్చింది. వారం తర్వాత వాళ్ళ నాన్న వచ్చి, "మా వాడికి ఏం నేర్పిస్తానన్నారు, నెలకు ఎంత ఇస్తానన్నారు, రాత్రి ఎన్నింటికి ఇంటికి పంపిస్తానన్నారు?" అని అడిగితే, ఆ మూడింటిలో ఒక్కదానికీ నా దగ్గర సమాధానం లేకపోయింది. అప్పటి నుంచి ఎవరిని చేర్చుకున్నా ఆ మూడు ప్రశ్నలకు సమాధానంగా ఒక లేఖ రాసి ఇస్తున్నాను.

కలం పట్టకముందు తేల్చుకోవలసినవి

మొదట వయసు చూడండి. మన షాపులో కరెంటు, వార్నిష్ ఆవిరి, బరువైన మోటార్లు ఉంటాయి. 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదనీ, 18 నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదనీ బాల కార్మిక చట్టానికి 2016లో జరిగిన సవరణ చెబుతోంది. మన పని ఆ జాబితాలోకి వస్తుందా రాదా అని వెదకడం కన్నా, పదో తరగతి మార్కుల జాబితాలో పుట్టిన తేదీ చూసి, 18 నిండినవారినే తీసుకోవడం మేలు.

తర్వాత, మీరు ఇస్తున్నది ఎలాంటి స్థానమో మీకు స్పష్టంగా తెలియాలి. 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసి అప్రెంటిస్‌ను పెట్టుకునే దారి కనీసం నలుగురు పనిచేసే సంస్థలకు ఉద్దేశించినది. మనలాంటి ఇద్దరు ముగ్గురి షాపుకు అది అందదు. అందువల్ల మీరు "అప్రెంటిస్" అని పిలిచినా, "ట్రైనీ" అని పిలిచినా, నెలనెలా ఇచ్చేదానికి "స్టైపెండ్" అని పేరు పెట్టినా, షాపుల చట్టం దృష్టిలో అతడు ఉద్యోగే. కనీస వేతనం, వారపు సెలవు, పని గంటల పరిమితి అన్నీ అతడికి వర్తిస్తాయి. నేర్చుకుంటున్నాడు కదా అని బస్సు ఛార్జీలు మాత్రమే ఇచ్చే అలవాటు మన వృత్తిలో చాలా పాతది, కాని పాతది కాబట్టి చెల్లుతుందని అనుకోకండి. మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారి కార్యాలయానికి వెళ్ళి, మీ షాపుకు ఈ ఆరు నెలలకు వర్తించే కనీస వేతనం ఎంతో అడిగి, ఆ కాగితం నకలు తెచ్చుకున్న తర్వాతనే లేఖలో అంకె వేయండి. కరవు భత్యం ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ మారుతుంది కనుక, పాత కాగితం పనికిరాదు.

ఎవరిని సంబోధించి, ఏ భాషలో రాయాలి

షాపులో మనం ఆ అబ్బాయిని పేరు పెట్టి "నువ్వు" అనే పిలుస్తాం, అందులో తప్పు లేదు. లేఖలో మాత్రం "మీరు" అని రాయండి. ఇది ఇద్దరి మధ్య ఒప్పందం. రేపు ఏదైనా తేడా వస్తే కార్మిక అధికారి ముందు పెట్టే కాగితం కూడా ఇదే. ఈ లేఖను ఇంట్లో తల్లీ తండ్రీ చదువుతారు, లేదా ఎవరి చేతనైనా చదివించుకుంటారు. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లీషు నమూనాను దించకుండా, వాళ్ళకు ఒక్క చదువుతో అర్థమయ్యే తెలుగులో రాయండి. ఫలానా తేదీన చేరాలి, ఫలానా చోట పని, ఉద్యోగం పేరు "వైండింగ్ శిక్షణ ఉద్యోగి", శిక్షణ కాలం 12 నెలలు అన్న నాలుగు సంగతులు మొదటి పేరాలోనే వచ్చేయాలి.

శిక్షణ గురించి: ఏ నెలకు చేతికి ఏ పని వస్తుంది

లేఖలో ఎక్కువ చోటు ఇవ్వవలసింది ఈ భాగానికే. చాలామంది యజమానులు ఒక్క వాక్యంతో తేల్చేసేదీ ఇదే. "వైండింగ్ పని పూర్తిగా నేర్పబడును" అని రాస్తే ఎవరూ దేనినీ కొలవలేరు. ఏ నెలాఖరుకు ఏ పనిని మరొకరి సాయం లేకుండా చేయగలగాలో రాస్తే, అతడు వెనకబడ్డాడా, నేర్పడంలో నేను వెనకబడ్డానా అన్నది ఇద్దరికీ కనిపిస్తుంది.

మొదటి రెండు నెలలూ మోటారు విప్పడం, లెక్క రాయడం. విప్పేముందు మూతకూ బాడీకీ కలిపి పంచ్‌తో గుర్తు కొట్టడం, నేమ్ ప్లేటు మీది హెచ్‌పీ, వోల్టులు, ఆంపియర్లు, ఆర్‌పీఎం రిజిస్టరులో ఎక్కించడం, స్లాట్లు ఎన్నో, కాయిల్ ఏ స్లాటు నుంచి ఏ స్లాటుకు వెళ్ళిందో, ఒక్కో కాయిల్‌లో ఎన్ని చుట్లో, తీగ ఏ గేజో, కనెక్షన్ స్టారో డెల్టానో చూసి రాయడం ఇందులోకి వస్తాయి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కాని, మన షాపులో పాడయ్యే వైండింగులలో ఎక్కువ భాగం ఇక్కడే పాడవుతాయి. పాత తీగ కోసి పారేశాక చుట్ల లెక్క తప్పని తెలిస్తే దాన్ని మళ్ళీ చూసుకునే వీలుండదు. చుట్లు తక్కువ పడితే మోటారు ఖాళీగా తిరుగుతున్నప్పుడే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, ఎక్కువ పడితే బరువు మీద తిరగలేక నీరసిస్తుంది. అందుకని రెండో నెలాఖరుకు అతడు రాసిన లెక్కనూ పెద్ద వైండరు రాసిన లెక్కనూ పక్కపక్కన పెట్టి, వరుసగా పది మోటార్లకు తేడా లేకుంటే ఆ మెట్టు దాటినట్టు అని లేఖకు జత చేసే మెట్ల కాగితంలో రాస్తాను.

మూడో నెల నుంచి అయిదో నెల వరకు సీలింగ్ ఫ్యాన్లు, టేబుల్ ఫ్యాన్లు. తీగ తక్కువ, పొరపాటు జరిగినా నష్టం తక్కువ; స్టార్టింగ్ వైండింగ్‌కూ రన్నింగ్ వైండింగ్‌కూ ఉన్న తేడా చేతికి తెలిసేది ఇక్కడే. ఆరు నుంచి ఎనిమిది నెలల వరకు ఒక హెచ్‌పీ సింగిల్ ఫేజ్ పంపులు: స్లాటులో ఇన్సులేషన్ పేపరు వేయడం, ఫార్మా మీద కాయిల్ చుట్టడం, తీగ పూత గీరుకోకుండా స్లాటులో దించడం, దారంతో కట్టడం, వార్నిష్ పోసి ఆరబెట్టడం. తొమ్మిదో నెల నుంచి త్రీ ఫేజ్ మోటార్లు, చివరికి సబ్‌మెర్సిబుల్. పన్నెండో నెలలో ఒక 5 హెచ్‌పీ మోటారును విప్పడం దగ్గర నుంచి పరీక్ష దాకా అతడే చేయాలి. మెగ్గర్‌తో బాడీకి లీకేజీ లేదని చూపించి, ఖాళీగా తిప్పినప్పుడు మూడు ఫేజుల కరెంటు క్లాంప్ మీటరులో దాదాపు సమానంగా వస్తే, ఆ మోటారు రైతుకు వెళుతుంది.

నేర్పేది ఎవరో, ఎప్పుడో కూడా రాయండి. నేను ఉదయం దుకాణం తెరిచిన తర్వాత మొదటి గంటను శిక్షణకు కేటాయించాను. సీజన్‌లో ఆ గంట నిలవడం కష్టమే. నిలవని రోజులు నెలకు నాలుగు దాటకూడదని నాకు నేనే హద్దు పెట్టుకుని, దాన్ని కూడా లేఖలో రాశాను. ఊడ్చడం, మోటార్లు దించడం వంటి పనులు ఉంటాయని దాచకండి. ఉంటాయి, షాపులో అందరితో పాటు వంతుల వారీగా ఉంటాయి అని రాయండి.

జీతం: ఇంట్లో లెక్క వేసుకోగలిగేలా

నెలకు ఇంత అని ఒక్క అంకె వేసి ఊరుకుంటే, మొదటి నెలలోనే అనుమానాలు మొదలవుతాయి. రోజు కూలి ఎంత, గంటకు ఎంత, సెలవు పెడితే ఎంత తగ్గుతుంది, ఎక్కువసేపు ఉంటే ఎంత పెరుగుతుంది అన్నవి ఒక ఉదాహరణతో చూపించండి. నా లేఖలో మొదట నెలకు 15,600 రూపాయలు వేశాను. నెలకు 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు 600, ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకు 75. అదనపు గంటకు రెట్టింపు, అంటే 150. మార్చిలో అతడు 12 గంటలు అదనంగా పనిచేసి, జీతం లేని సెలవు ఒకరోజు పెట్టాడనుకుంటే, 15,600కు 1,800 కలిపి 600 తీసివేయగా 16,800 చేతికి వస్తుంది. ఈ అంకెలు లెక్క చూపడానికి వేసినవి. మీరు తెచ్చుకున్న కనీస వేతనం కాగితం ఇంతకన్నా ఎక్కువ చెబితే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

పెంపు ఎప్పుడో కూడా అంకెతో రాయండి. "పనితనాన్ని బట్టి పెంచబడును" అన్న మాట నేను రాయను, ఎందుకంటే పనితనాన్ని చూసేదీ నేనే, డబ్బు ఇచ్చేదీ నేనే. సింగిల్ ఫేజ్ మెట్టు దాటిన నెల నుంచి 17,160 అని రాస్తాను, అంటే రోజుకు 660. చెల్లింపు తేదీ తర్వాతి నెల 7 దాటకూడదని వేతనాల చట్టం చెబుతోంది కనుక, 5వ తేదీ అని రాసుకుంటే రెండు రోజుల వెసులుబాటు మిగులుతుంది. బ్యాంకు ఖాతాలో వేయండి. మధ్యలో అడ్వాన్సు ఇస్తే చిన్న పుస్తకంలో తేదీతో రాసి ఇద్దరూ సంతకాలు చేయండి.

పదిమంది లేని షాపుకు ఈఎస్ఐ వర్తించదు, ఇరవై మంది లేనిదానికి పీఎఫ్ వర్తించదు. ఆ సంగతి దాచకుండా చెప్పి, దానికి బదులుగా మనకు చేతనైనది చేయవచ్చు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలకు ప్రమాద మరణానికి 2 లక్షల బీమా వస్తుంది. అతడి ఖాతా నుంచి కట్ అయ్యే ఆ 20 రూపాయలు మొదటి జీతంలో కలిపి ఇస్తాను. అది చేరిందో లేదో పాస్‌బుక్కులో చూస్తాను.

పని గంటలు, సీజన్

మన దగ్గర వ్యవసాయానికి కరెంటు పగలు తొమ్మిది గంటలు వస్తుంది. మోటారు కాలేది ఆ గంటల్లోనే. రైతు దాన్ని బోరులోంచి పైకి లాగించి, ఆటోలో వేసుకుని షాపుకు వచ్చేసరికి సాయంత్రం అవుతుంది, తెల్లవారేసరికి కావాలంటాడు. పంట ఎండుతుంటే అతడి తొందర న్యాయమైనదే. కాని ఆ తొందరను నేర్చుకునే కుర్రవాడి మీద అర్ధరాత్రి దాకా మోపడం న్యాయం కాదు, పైగా అలసిన చేతితో దించిన కాయిల్ మళ్ళీ కాలివస్తుంది. రోజువారీ పరిమితి మీద ఈ మధ్య సవరణలు వచ్చినా, వారానికి 48 గంటలన్నది అలాగే ఉంది, దాని పైన చేసే పనికి రెట్టింపు ఇవ్వాలి.

నేను రాసేది ఇలా ఉంటుంది: ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 వరకు, మధ్యలో 1:30 నుంచి 2:30 వరకు భోజనం, ఆదివారం సెలవు. ఫిబ్రవరి నుంచి మే వరకు, ముందురోజు చెప్పి, అతడు ఒప్పుకుంటేనే, వారానికి రెండు రోజులు మాత్రం రాత్రి 8:30 వరకు. ఆ తర్వాత వచ్చిన మోటారు నాదీ పెద్ద వైండరుదీ బాధ్యత. ఊరికి చివరి బస్సు ఎప్పుడో అడిగి, అది దాటే రోజు ఇంటికి చేర్చే పూచీ ఎవరిదో కూడా రాయండి. బయటి ఊరి నుంచి వచ్చే అమ్మాయిని తీసుకుంటే ఈ వాక్యం మరీ ముఖ్యం. ఆమెకు నేను అదనపు గంటలే పెట్టను.

పాడైన పని, సర్టిఫికెట్లు, మానేయడం

నేర్చుకునేటప్పుడు తీగ పాడవుతుంది. ఒక 5 హెచ్‌పీ స్టేటరుకు పట్టే రాగి ఖరీదు అతడి వారం జీతం దాకా రావచ్చు. దాన్ని జీతంలో కోస్తారని భయపడే కుర్రవాడు తప్పును దాచుతాడు. పూత గీరుకున్న తీగను అలాగే దించి, పైన పేపరు కప్పేస్తాడు, వార్నిష్ పోశాక అది మనకు కనిపించదు, రైతు పొలంలో కనిపిస్తుంది. అందుకే "శిక్షణలో పాడైన తీగ ఖరీదు షాపుదే, పాడైన వెంటనే చెప్పడం మీ బాధ్యత" అని రాస్తాను.

అసలు సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకోకండి. అసలు చూసి వెనక్కి ఇచ్చి, నకలు మీద "ఈ ఉద్యోగం కోసం మాత్రమే" అని అతడి చేతనే రాయించుకోండి. రెండేళ్ళ వరకు మానేయకూడదన్న షరతు కూడా పెట్టకండి. నెల ముందు చెప్పి మానవచ్చు, నెల ముందు చెప్పి మేమూ తీయవచ్చు, మొదటి నెలలో మాత్రం ఇరువైపులా వారం చాలు అని రాయండి. మానిన తర్వాత రెండు పనిదినాల్లో లెక్క తేల్చి ఇవ్వాలి.

లేఖ పూర్తి పాఠం

పైన చెప్పినవాటిలో ముఖ్యమైనవి కలిపితే, నేను ఇచ్చే లేఖ ఇలా ఉంటుంది. చుక్కలు ఉన్నచోట మీ వివరాలు రాసుకోండి.

తేదీ: ........

శ్రీ ........ గారికి,

మా షాపులో వైండింగ్ శిక్షణ ఉద్యోగిగా చేరవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. చేరవలసిన తేదీ ........; శిక్షణ కాలం 12 నెలలు; పనిచేసే చోటు ........ లోని మా షాపు.

మొదటి రెండు నెలల్లో మోటారు విప్పి లెక్క రాయడం, అయిదో నెలాఖరుకు ఫ్యాన్లు, ఎనిమిదో నెలాఖరుకు సింగిల్ ఫేజ్ పంపులు, పన్నెండో నెలాఖరుకు 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారు మీ అంతట మీరు వైండింగ్ చేయగలిగేలా నేర్పించే బాధ్యత నాది. రోజూ ఉదయం మొదటి గంట శిక్షణకే ఉంటుంది. నెలలో నాలుగు రోజులకు మించి దాన్ని ఆపను. ప్రతి మెట్టు చివర నేనూ పెద్ద వైండరూ మీ పని చూసి, జత చేసిన కాగితంలో తేదీ వేసి సంతకం చేస్తాం. మెట్టు దాటకపోతే ఎక్కడ లోపముందో చెప్పి, మరో నెల నేర్పిస్తాం.

మీ జీతం నెలకు 15,600 రూపాయలు, అంటే 26 పనిదినాల లెక్కన రోజుకు 600, గంటకు 75, అదనపు గంటకు 150. సింగిల్ ఫేజ్ మెట్టు దాటిన నెల నుంచి 17,160 రూపాయలు. ప్రభుత్వం కనీస వేతనం పెంచి, అది దీనికన్నా ఎక్కువైతే, ఆ తేదీ నుంచి అదే ఇస్తాను. ప్రతి నెలా 5వ తేదీలోగా మీ బ్యాంకు ఖాతాలో వేస్తాను.

పని వేళలు ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 వరకు, మధ్యలో గంట భోజన విరామం, ఆదివారం సెలవు. ఫిబ్రవరి నుంచి మే వరకు, మీరు ఒప్పుకుంటే, వారానికి రెండు రోజులు రాత్రి 8:30 వరకు ఉండవలసి రావచ్చు. ఆ గంటలకు రెట్టింపు వేతనం ఇస్తాను, బస్సు దొరకని రోజు మీ ఇంటికి చేరుస్తాను. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, సంక్రాంతి, ఉగాది, దసరా, మీ ఊరి జాతర రోజు జీతంతో సెలవులు. ఇవి కాక ఏడాదికి 12 క్యాజువల్ సెలవులు, అనారోగ్యానికి మరో 12 ఉంటాయి.

మొదటి ఆరు నెలలు మీరు కరెంటు ఉన్న మోటారును ఒంటరిగా పరీక్షించకూడదు. నేను గాని పెద్ద వైండరు గాని పక్కన ఉండాలి. శిక్షణలో పాడైన తీగ ఖరీదు షాపుదే. పాడైన వెంటనే చెప్పడం మీ బాధ్యత.

మానదలచుకుంటే నెల ముందు చెప్పండి. మొదటి నెలలో వారం చాలు. మిమ్మల్ని తీయవలసి వస్తే నేనూ అంతే గడువు ఇస్తాను. మానిన రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చి, మీరు ఏ మెట్టు వరకు నేర్చుకున్నారో రాసిన సర్టిఫికెట్ ఇస్తాను.

యజమాని సంతకం ........
చదివి ఒప్పుకున్నాను: ........

లేఖ ఇచ్చే పద్ధతి

రెండు ప్రతులు రాసి, రెండింటి మీదా మీరు ముందే సంతకం చేసి ఇవ్వండి. అప్పటికప్పుడు అతడి సంతకం తీసుకోకండి. ఇంటికి తీసుకువెళ్ళి చదివి, మూడు రోజుల్లో ఒక ప్రతి తిరిగి తెమ్మని చెప్పండి. వచ్చినప్పుడు "సరేనా?" అని అడిగితే "సరే" అనే అంటాడు. అందుకు బదులు, "రెండు రోజులు సెలవు పెట్టి, నాలుగు గంటలు ఎక్కువ చేస్తే నీకు ఎంత వస్తుంది?" అని అడగండి. సెలవులు జీతంతోనా, జీతం లేకుండానా అని అతడు మిమ్మల్ని తిరిగి అడిగాడంటే లేఖ చదివాడని అర్థం. తడబడితే తప్పు లేఖది కావచ్చు. ఆ వాక్యాన్ని అతడి ముందే సులభంగా మార్చి రాయండి. ఒకసారి ఒక అబ్బాయి తల్లి వచ్చి, ఎండాకాలంలో భోజనానికి ఇంటికి వెళ్ళి రావడానికి గంట చాలదని చెప్పింది. విరామాన్ని గంటన్నర చేసి, సాయంత్రం వేళను ఏడు గంటలకు జరిపి, రెండు ప్రతుల మీదా ఇద్దరం పొట్టి సంతకాలు చేశాం. మెట్ల కాగితాన్ని మాత్రం ఫైలులో పెట్టకుండా, టెస్టింగ్ బోర్డు పక్కన గోడకు అంటించండి, రోజూ ఇద్దరి కళ్ళా పడుతుంది.